మూడు సెమిస్టర్లలో థీసిస్ పూర్తి చేయాలి: గైడ్ రివ్యూ తేదీలు ఎలా పెట్టుకోవాలి?

చెరువుగట్టు | 5 జులై 2025

అందరికీ నమస్కారం. నేను ఎకనామిక్స్‌లో ఫుల్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. 2022 ఫిబ్రవరి 10న చేరాను, జేఆర్‌ఎఫ్ కూడా అదే రోజు నుంచి. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల కింద పంటలు ఏం మారాయి, నీటి పంపకం ఎలా జరుగుతోంది అన్నది నా టాపిక్. పాత వరంగల్ జిల్లాలో 6 చెరువులు, 240 కుటుంబాలు. సర్వే అయిపోయింది, డేటా ఎంట్రీ కూడా అయింది. రాత మాత్రం దాదాపు మొదలే కాలేదు. కోర్స్‌వర్క్ రోజుల్లో రాసిన సాహిత్య సమీక్ష ఒకటి ఉంది, అది ఇప్పుడు చదివితే నాకే నచ్చట్లేదు.

2027 ఫిబ్రవరికి ఫెలోషిప్ అయిదేళ్లు నిండుతాయి. ఆలోపు సబ్మిట్ చేయాలని ఉంది. మొత్తం 7 చాప్టర్లు: పరిచయం, సాహిత్య సమీక్ష, ప్రాంతం-పద్ధతి, పంటల మార్పు, ఖర్చు-ఆదాయం, నీటి పంపకం, ముగింపు. ఒక్కో చాప్టర్‌కు రెండు నెలలు పెట్టుకుంటే 14 నెలలు, అంటే 2026 ఆగస్టు చివరికి అన్నీ అయిపోతాయి. తర్వాత రెండు నెలలు గైడ్ రివ్యూకి, రెండు నెలలు కరెక్షన్లకి. మా గైడ్ హెడ్ కూడా, ఎగ్జామ్ బ్రాంచ్ పని కూడా ఆయనకే ఇచ్చారు. ఈ ప్లాన్ సరిపోతుందా? చూసి చెప్పండి.

కెమ్_బెంచ్ | 5 జులై 2025

చాప్టర్‌కు రెండు నెలలా? ఎందుకండీ అంత టైమ్. ముందు పేపర్లు వేసేయండి, తర్వాత వాటిని వరుసగా పెట్టి ముందు ఒక పరిచయం, వెనక ఒక ముగింపు తగిలిస్తే థీసిస్ అయిపోతుంది. మా ల్యాబ్‌లో అందరం అంతే. ఎక్స్‌పెరిమెంట్లు ఎప్పుడు ఆపాలి అనేదే అసలు సమస్య. మీ రీడింగ్స్ ఇంకా నడుస్తున్నాయా?

చెరువుగట్టు | 5 జులై 2025

రీడింగ్స్ లేవండి, సర్వే. అది అయిపోయింది. పేపర్ ఒక్కటీ ఇంకా రాలేదు.

పాత_గైడ్ | 6 జులై 2025

అమ్మా, నేను రిటైరై కొంతకాలమైంది. చాలామంది స్కాలర్ల డ్రాఫ్టులు నా టేబుల్ మీద పడి ఉన్నాయి కాబట్టి అవతలి వైపు నుంచి చెబుతాను.

మీ ప్లాన్‌లో మీరు రాసే వేగం లెక్క వేసుకున్నారు, మీ గైడ్ చదివే వేగం వేసుకోలేదు. ఏడు చాప్టర్లు, రెండు వందల చిల్లర పేజీలు ఒకేసారి సెప్టెంబర్‌లో ఆయన ముందు పెడితే ఆయన రెండు నెలల్లో చదవరు. చదవలేక కాదు. అంత పెద్ద కట్టను చూసినప్పుడు ఎవరైనా "తీరిగ్గా కూర్చుని చూద్దాం" అనుకుంటారు, ఎగ్జామ్ బ్రాంచ్ మనిషికి ఆ తీరిక వేసవి దాకా రాదు. ఒకవేళ చదివినా, "పద్ధతి చాప్టర్‌లో నమూనా ఎంచిన తీరు సరిగ్గా చెప్పలేదు" అని అక్కడ ఒక మాట అంటే, దాని మీద నిలబడ్డ నాలుగు, అయిదు, ఆరు చాప్టర్లు మూడూ తిరగరాయాలి. అది 2025 సెప్టెంబర్‌లో అని ఉంటే రెండు వారాల పని. 2026 అక్టోబర్‌లో అంటే ఫెలోషిప్ దాటిపోతుంది.

అందుకని ముందు ఒక పని చేయండి. ఇంతకుముందు మీరు ఆయనకు ఇచ్చినవి, అంటే ప్రోగ్రెస్ రిపోర్టులు, ప్రశ్నావళి, సెమినార్ పేపర్, ఏ తేదీన ఇచ్చారు, ఏ తేదీన తిరిగొచ్చాయి మెయిల్‌లో వెతకండి. ఆ లెక్క చూశాకే ప్లాన్ గురించి మాట్లాడుకుందాం.

చెరువుగట్టు | 7 జులై 2025

చూశాను సార్. మామూలు రోజుల్లో అయితే మూడు వారాలకు అటూ ఇటూ. నవంబర్, డిసెంబర్‌లో ఇచ్చినవి నెలన్నర దాటాయి. మే నెలలో ఇచ్చింది జూన్ చివరిదాకా అసలు తెరవలేదు. ఇంకోటి కూడా గమనించాను, పది పదిహేను పేజీలు ఇస్తే త్వరగా వస్తున్నాయి. ప్రశ్నావళి, దాని వివరణ కలిపి 40 పేజీలు ఇచ్చినప్పుడు రెండుసార్లు గుర్తు చేయాల్సి వచ్చింది.

పాత_గైడ్ | 7 జులై 2025

ఇక్కడే ప్లాన్ సగం తేలిపోయింది. చాప్టర్ ఆయన దగ్గర మూడు వారాలు ఉంటుంది, వచ్చాక సరిచేయడానికి మీకు రెండు వారాలు. నవంబర్ నడుమ నుంచి డిసెంబర్ చివరిదాకా, మళ్లీ మే నెలంతా, ఆయన చేతికి కొత్తగా ఏదీ వెళ్లకూడదు. ఈ కట్టుబాటు పెట్టుకుని వెనక నుంచి ముందుకు రండి.

2027 జనవరి రెండో వారంలో సబ్మిషన్ అనుకుందాం. డిసెంబర్ నెల లైబ్రరీ నుంచి సిమిలారిటీ రిపోర్టుకు, నో డ్యూస్‌కు, బైండింగ్‌కు పోతుంది. నవంబర్ నడుమ ప్రీ-సబ్మిషన్ సెమినార్. దీపావళి 8వ తేదీన ఉంది, ఆ తర్వాతి వారం చూసుకోండి. సెమినార్‌లో చెప్పినవి సరిచేయడానికి రెండు వారాలైనా మిగలాలి. అంటే గైడ్ చూసి ఇచ్చిన పూర్తి డ్రాఫ్ట్ దసరా సెలవులకు ముందే మీ చేతిలో ఉండాలి, అక్టోబర్ 5 అనుకోండి. పూర్తి డ్రాఫ్ట్‌కు మూడు వారాలు చాలవు, నాలుగు ఇవ్వండి. కాబట్టి 2026 సెప్టెంబర్ 7, సోమవారం, మొత్తం థీసిస్ ఆయన చేతికి వెళ్లాలి. మీ పాత ప్లాన్‌లో కూడా ఇంచుమించు ఇదే తేదీ. తేడా ఏమిటంటే ఆ రోజు ఆయన మొదటిసారి చూసేది పరిచయం ఒక్కటే, మిగతా ఆరు అప్పటికే ఒకసారి చూసి ఉంటారు.

ఇప్పుడు ముందు నుంచి. ఈ సెమిస్టర్‌లో, అంటే జులై నుంచి డిసెంబర్ వరకు, రెండే చాప్టర్లు. మొదట మూడోది, ప్రాంతం-పద్ధతి. ఇది రాయడానికి కొత్తగా చదవాల్సింది తక్కువ, చేసినదే చెప్పాలి. ఆగస్టు 18న ఇవ్వండి, సెప్టెంబర్ 8కి తిరిగి రావాలి. అది ఆయన దగ్గర ఉన్న మూడు వారాలూ మీరు నాలుగో చాప్టర్ టేబుళ్లు వేస్తుండాలి, ఖాళీగా ఎదురుచూడకూడదు. నాలుగోది అక్టోబర్ 13న ఇచ్చి నవంబర్ 3కి తీసుకోండి. అప్పటికి పరీక్షల పని మొదలవుతుంది, ఇక డిసెంబర్‌లో ఆర్‌ఏసీ. ఆరు నెలలకోసారి కమిటీ ముందు ఎలాగూ నిలబడాలి కదా, ఉత్త స్లైడ్లు కాకుండా ఆ రెండు చాప్టర్లు పట్టుకెళ్లండి.

జనవరి-జూన్ సెమిస్టర్‌లో అయిదు, ఆరు. ఫిబ్రవరి 2న అయిదోది, మార్చి 30న ఆరోది. ఆరోది ఏప్రిల్ 20కి రావాలి, కాస్త ఆలస్యమైనా మే రాకముందే చేతికందుతుంది. మేలో ఆయన సెలవులో ఉంటారు, మీరు ఆ పాత సాహిత్య సమీక్ష పట్టుకుని తిరగరాయండి. ఫలితాలు చేతిలో ఉన్నాక సమీక్ష రాస్తే ఏ అధ్యయనం మీకు కావాలో, ఏది అక్కర్లేదో తెలుస్తుంది. జూన్ 15న ఇచ్చేయండి.

మూడో సెమిస్టర్‌లో జులై 20న ముగింపు చాప్టర్. పరిచయం మాత్రం విడిగా ఇవ్వొద్దు, పూర్తి డ్రాఫ్ట్‌తో పాటే. థీసిస్‌లో ఏముందో తేలకముందు పరిచయం రాస్తే దాన్ని మూడుసార్లు రాయాల్సి వస్తుంది.

ఆదివారం_స్కాలర్ | 7 జులై 2025

నేను నిజామాబాద్ దగ్గర జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, పార్ట్‌టైమ్. పై ప్లాన్ చదువుతుంటే కడుపు మండింది సార్. నాకు ఉన్నవి ఆదివారాలు, దసరా, సంక్రాంతి, ఎండాకాలం. ఎండాకాలంలో నాకు వాల్యుయేషన్ క్యాంప్. మా గైడ్‌కు తీరిక ఉండేది ఎండాకాలంలోనే! ఇద్దరి క్యాలెండర్లూ ఎక్కడా కలవట్లేదు. నాలాంటివాళ్లు ఏం చేయాలి?

పాత_గైడ్ | 8 జులై 2025

ఇద్దరి తీరిక కలవనక్కర్లేదు, నిజానికి కలవకపోవడమే మంచిది. మీరు సంక్రాంతికి రాసి ఇవ్వండి, ఆయన మార్చి లోపు చదువుతారు. దసరాకు రాసింది డిసెంబర్‌కు. ఏడాదికి రెండు మూడు చాప్టర్లకు మించి ఆశించకండి. పక్కపక్కన కూర్చోవాల్సింది ఒక్క పూర్తి డ్రాఫ్ట్‌కే, దానికి మాత్రం కాలేజీలో సెలవు పెట్టుకోవాలి.

ఆదివారం_స్కాలర్ | 8 జులై 2025

సెలవు అంటే మా ప్రిన్సిపాల్ మొహం చూడాలి మీరు. సరే, చూద్దాం.

రిజిస్టర్_నంబర్_7 | 9 జులై 2025

చెరువుగట్టు గారూ, మీరు ఊరికే టెన్షన్ పడుతున్నారు. యూజీసీ రూల్ ప్రకారం ఆరేళ్లు టైమ్ ఉంది, మహిళలకు ఇంకో రెండేళ్లు అదనం. పైగా పేపర్ పబ్లికేషన్ కూడా ఇప్పుడు తీసేశారు. కాబట్టి పేపర్ గొడవ వదిలేసి నిదానంగా రాసుకోండి. తొందరపడితే థీసిస్ పాడవుతుంది.

సెక్షన్_సీటు | 9 జులై 2025

నేను ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ సెక్షన్‌లో పని చేస్తాను. పై పోస్టులో కొంత నిజం, కొంత కాదు.

ఆరేళ్లు నిజమే, మహిళలకు రెండేళ్ల సడలింపు కూడా నిజమే. కానీ అది రిజిస్ట్రేషన్ గడువు. ఫెలోషిప్ గడువు వేరు, అయిదేళ్లకు ఆగిపోతుంది. ఎస్‌ఆర్‌ఎఫ్ నెలకు 42,000 ఆగాక అద్దె కట్టడానికి గెస్ట్ ఫ్యాకల్టీగా చేరినవాళ్ల ఫైళ్లు మా బీరువాలో ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. అందుకే ఆమె ఫిబ్రవరి అంటోంది.

పేపర్ విషయం జాగ్రత్తగా చూడాలి. ఆ నిబంధన తీసేసింది 2022 రెగ్యులేషన్లలో, అవి నోటిఫై అయింది 2022 నవంబర్ 7న. ఈమె చేరింది అదే ఏడాది ఫిబ్రవరిలో. అంతకుముందు రిజిస్టర్ అయినవాళ్లు పాత రెగ్యులేషన్ల కిందే ఉంటారు. 2016 రెగ్యులేషన్ల ప్రకారం థీసిస్ ఇచ్చే ముందు రిఫరీడ్ జర్నల్‌లో ఒక పేపర్, సెమినార్లలో రెండు ప్రెజెంటేషన్లు ఉండాలి. ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు స్కాలర్లకు రూల్స్ వేరుగా ఉండొచ్చు. మీ అడ్మిషన్ ఆర్డర్ కాపీ తీసుకుని మీ సెక్షన్‌లో రాతపూర్వకంగా అడగండి. 2022 తర్వాత చేరినవాళ్లకు కూడా కొన్ని యూనివర్సిటీలు తమ సొంత నిబంధనగా పేపర్ అడుగుతున్నాయి, అది కూడా చూసుకోండి.

కాబట్టి షెడ్యూల్‌లో పేపర్‌కు చోటు పెట్టాలి. జర్నల్ వాళ్లు ఎప్పుడు జవాబిస్తారో మన చేతిలో ఉండదు. 2026 జూన్‌లో పంపితే నవంబర్‌కు యాక్సెప్టెన్స్ లెటర్ రాకపోవచ్చు, అది లేకుండా ప్రీ-సబ్మిషన్ ఫైలు మా దగ్గర కదలదు.

చెరువుగట్టు | 9 జులై 2025

ఇది నేను అసలు అనుకోలేదు. అయితే నాలుగో చాప్టర్ నవంబర్‌లో తిరిగొచ్చాక, దాని నుంచే పేపర్ తీసి డిసెంబర్‌లో పంపనా? గైడ్ పరీక్షల పనిలో ఉండే నెల కూడా అదే.

సెక్షన్_సీటు | 9 జులై 2025

అలాగే చేయండి. ఒక్క మాట. థీసిస్‌కు లైబ్రరీలో సిమిలారిటీ చూసినప్పుడు మీ పేపరే మీ థీసిస్‌తో కలిసినట్టు చూపిస్తుంది. 10 శాతం దాటితే సవరించి మళ్లీ ఇవ్వమంటారు. మీ సొంత పేపర్‌ను ఆ లెక్కలోంచి ఎలా తీస్తారు, దానికి గైడ్ ఏ సర్టిఫికెట్ ఇవ్వాలి అనేది మీ లైబ్రరీలో ముందే అడిగి పెట్టుకోండి. చివరి వారంలో అడిగితే ఆ గైడ్ సంతకం కోసమే తిరగాల్సి వస్తుంది.

రిజిస్టర్_నంబర్_7 | 9 జులై 2025

సరే, పేపర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ నిదానం మంచిదే అని ఇప్పటికీ అంటాను. గైడ్ చూడకపోతే ఏ షెడ్యూలూ నిలబడదు.

అరసున్న | 10 జులై 2025

నేను తెలుగు శాఖ. థీసిస్ కూడా తెలుగులోనే. మాకు పైవాళ్లెవరూ చెప్పని సమస్య ఒకటి ఉంది, ఇక్కడ రాసి పెడితే ఎవరికైనా ఉపయోగపడొచ్చు.

మా దగ్గర చాలామంది చేత్తో రాసి డీటీపీకి ఇస్తారు. ఆయన అను ఫాంట్లలో కొట్టి ప్రింట్ ఇస్తాడు. గైడ్ ఎర్ర పెన్నుతో దిద్దుతారు, అది మళ్లీ డీటీపీకి వెళ్తుంది. ప్రతి రౌండుకూ అక్కడ ఒక వారం అదనం, పెళ్లిళ్ల సీజన్ అయితే శుభలేఖల పనిలో పడి రెండు వారాలు. ఏడు చాప్టర్లు, రెండేసి రౌండ్లు వేసుకుంటే డీటీపీ షాపులోనే మూడు నెలలు పోతాయి. ఆ మూడు నెలలు ఎవరి షెడ్యూల్‌లోనూ ఉండవు.

ఇంకా పెద్ద చిక్కు చివర్లో వస్తుంది. అను ఫాంట్ యూనికోడ్ కాదు. ఆ ఫైలు లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌కు తెలుగులా కనిపించదు, పిచ్చి ఇంగ్లీష్ అక్షరాల్లా కనిపిస్తుంది. కన్వర్టర్ వేస్తే ఒత్తులు, ఏత్వాలు, అరసున్నలు తారుమారు. 250 పేజీలు మళ్లీ ప్రూఫ్ చూడాలి. అందుకని తెలుగులో రాసేవాళ్లు మొదటి చాప్టర్ నుంచే యూనికోడ్‌లో, వీలైతే సొంతంగా టైప్ చేసుకోండి. ఆ ఒక్క నిర్ణయంతో నా మూడో సెమిస్టర్‌లో చాలా వారాలు మిగిలాయి.

ఆదివారం_స్కాలర్ | 10 జులై 2025

అయ్యో, నావి నాలుగు చాప్టర్లు అనులోనే ఉన్నాయి. పొలిటికల్ సైన్స్, తెలుగు మీడియం.

అరసున్న | 10 జులై 2025

ఇప్పుడే మార్చుకోండి, చాప్టర్ తర్వాత చాప్టర్. ముందు ఒక్క పేజీ మార్చి చూడండి, 'క్ష', 'ర' వత్తు ఉన్న మాటలు వెతకండి. అవి సరిగ్గా వస్తే మిగతావి చాలావరకు వస్తాయి. నేను ఏ కన్వర్టర్ వాడానో విడిగా మెసేజ్ పెడతాను.

చెరువుగట్టు | 12 జులై 2025

అందరికీ థాంక్స్. ప్లాన్ మార్చాను. ఒక ప్రశ్న మిగిలింది. గైడ్‌కు చాప్టర్ ఇచ్చి "సార్, సెప్టెంబర్ 8కి కావాలి" అని ఎలా అడుగుతాం? తేదీ చెప్పడం అంటే ఆయనకు నేను పని అప్పజెప్పినట్టు ఉంటుంది.

పాత_గైడ్ | 12 జులై 2025

తేదీ ఒక్కటే చెబితే అలాగే ఉంటుంది. చాప్టర్ మీద ఒక పేజీ కాగితం పెట్టండి. నా స్కాలర్ ఒకామె ఇలా ఇచ్చేది, బాగా పనికొచ్చింది. మీ చాప్టర్‌కు మార్చి రాస్తున్నాను:

"సార్, మూడో చాప్టర్, 28 పేజీలు. ఇందులో మీరు తప్పక చూడాల్సినవి మూడు. ఒకటి, 6 చెరువులను ఎంచిన పద్ధతి (4–6 పేజీలు): ఆయకట్టు పరిమాణం బట్టి ఎంచడం సరేనా, లేక మరమ్మతు ఏ విడతలో జరిగిందో కూడా చూడాలా? రెండు, ఆయకట్టు చివరి రైతులు నమూనాలో తక్కువగా ఉన్నారు, దాన్ని పరిమితిగా చెప్పి వదిలేయనా? మూడు, టేబుల్ 3.4 ఇక్కడ ఉండాలా, అనుబంధంలోకి పోవాలా? భాష, అచ్చుతప్పులు నేను ఇంకోసారి చూస్తాను, వాటి మీద మీ సమయం పెట్టొద్దు. నాలుగో చాప్టర్ దీని మీద ఆధారపడి ఉంది కాబట్టి సెప్టెంబర్ 8, సోమవారం వచ్చి కలవనా?"

చూశారా, తేదీ అడగడం లేదు, కలవడానికి టైమ్ అడుగుతున్నారు. మనిషి ఎదురుగా కూర్చుంటుందని తెలిస్తే ముందు రాత్రైనా చదువుతారు. నేనూ అలా చదివినవాడినే. ప్రశ్నలు లేకుండా కట్ట ఇచ్చినప్పుడు మాత్రం మొదటి పది పేజీల్లో కామాలు దిద్ది, "బాగుంది, కంటిన్యూ" అని రాసి పంపేవాళ్లం. స్కాలర్ సంతోషపడేది. వైవాలో బయటి ఎగ్జామినర్ అడిగేదాకా నమూనా సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు.

సెక్షన్_సీటు | 12 జులై 2025

దీనికి ఇంకోటి కలపండి. ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ ఆర్‌ఏసీ రిపోర్టులో రాయండి. "చాప్టర్ 3: ఆగస్టు 18న సమర్పించడమైనది, సెప్టెంబర్ 8న సూచనలు అందాయి, 22న సవరించి ఇవ్వడమైనది." రేపు పొడిగింపు అడగాల్సి వచ్చినా, గైడ్ మారాల్సి వచ్చినా ఫైలులో ఈ తేదీలే మాట్లాడతాయి. నోటి మాట ఫైలులోకి ఎక్కదు.

రిజిస్టర్_నంబర్_7 | 12 జులై 2025

ఇది మాత్రం ప్రమాదం అండీ. "సమర్పించాను, 11 వారాలకు అందింది" అని కమిటీ ముందు రాస్తే గైడ్ మీద కంప్లైంట్ ఇచ్చినట్టే. ఆ రిపోర్టు మీద సంతకం పెట్టాల్సింది కూడా ఆయనే. మా డిపార్ట్‌మెంట్‌లో ఒకతను అలా రాశాడు, ఆ తర్వాత ఆయన దగ్గర ఆరు నెలలు సరిగ్గా మాటల్లేవు.

సెక్షన్_సీటు | 13 జులై 2025

ఆలస్యమైన రోజు మొదలుపెడితే అలాగే అనిపిస్తుంది. మొదటి సెమిస్టర్ నుంచీ, టైముకు వచ్చినవి కూడా రాస్తే అది రికార్డు.

రిజిస్టర్_నంబర్_7 | 13 జులై 2025

మీరు సెక్షన్‌లో కూర్చుని చెబుతున్నారు. మేం ఆయన రూమ్ బయట నిలబడేవాళ్లం.

పాత_గైడ్ | 13 జులై 2025

ఇద్దరిదీ కాదనలేను. నాకైతే అలా రాసిన స్కాలర్ మీద కోపం వచ్చిన సందర్భాలున్నాయి, తర్వాత అదే నాకు పనికొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. రిపోర్టులో రాయాలా వద్దా అనేది గైడ్‌ను బట్టి మీరే తేల్చుకోవాలి. మెయిల్‌లో మాత్రం తప్పకుండా ఉండాలి. కలిసి వచ్చిన రోజు సాయంత్రమే "సార్, ఈ రోజు మీరు చెప్పినవి ఇవి, ఇలా మారుస్తున్నాను" అని నాలుగు లైన్లు పంపండి. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

చెరువుగట్టు | 21 నవంబర్ 2025

చాలా రోజులకు వచ్చాను. మూడో చాప్టర్ సరిగ్గా టైముకు అయింది. చెరువుల ఎంపిక మీద సార్ మార్పులు చెప్పారు, రెండు వారాల్లో చేసేశాను. నాలుగోది అక్టోబర్ 13న ఇచ్చాను. నవంబర్ 3న కలిశాను. సార్ అప్పటికి సగమే చదివారు, అక్కడ ఆగిపోయారు. ఎందుకంటే టేబుల్ 4.2లో మొత్తం కుటుంబాలు 240, టేబుల్ 4.5లో 231. "తొమ్మిది కుటుంబాలు ఎక్కడికి పోయాయి?" అని పెన్సిల్‌తో పక్కన గీసి, మిగతా టేబుళ్లన్నీ సరిచూసి తెమ్మన్నారు.

ఆ తొమ్మిది కుటుంబాలు ఆ యాసంగిలో పొలం పడావు పెట్టాయి, అందుకే పంటల టేబుల్‌లో రాలేదు. అది నాకు తెలుసు, కానీ చాప్టర్‌లో ఎక్కడా రాయలేదు. టేబుళ్లు సరిచేసి వెంటనే ఇచ్చాను, ఈలోపు పరీక్షలు మొదలయ్యాయి. ఇప్పుడు సార్ దొరకట్లేదు. డిసెంబర్ 15న ఆర్‌ఏసీ. పేపర్ కూడా ఈ చాప్టర్ మీదే ఆధారపడి ఉంది. మొత్తం షెడ్యూల్ ఒక నెల వెనక్కి జరపాలా?

కెమ్_బెంచ్ | 21 నవంబర్ 2025

జరిపేయండి. మా దగ్గర అన్నీ జరుగుతూనే ఉంటాయి.

పాత_గైడ్ | 22 నవంబర్ 2025

జరపొద్దు. జరిపితే ఆరో చాప్టర్ ఏప్రిల్ చివర్లో ఆయన చేతికి వెళ్తుంది, అంటే మేలో పడుతుంది. మేలో పడినది జూన్ చివరికి గానీ రాదని మీరే చెప్పారు. ఇక్కడ నెల ఆలస్యం అక్కడ రెండు నెలలు అవుతుంది.

బదులు ఇలా చేయండి. అయిదో చాప్టర్ ఫిబ్రవరి 2న ఇవ్వాలన్నది అలాగే ఉంచి, ఈ నెలలోనే రాత మొదలుపెట్టండి. నాలుగోది మొత్తం చూడమని ఇప్పుడు సార్‌ను అడగొద్దు. సరిచేసిన టేబుళ్లు, ప్రతి టేబుల్ కింద ఎన్ని కుటుంబాలు, తక్కువుంటే ఎందుకు అని ఒక లైను, అంతవరకే మూడు నాలుగు పేజీలు ప్రింట్ తీసి ఇవ్వండి. అది పరీక్షల మధ్యలో కూడా చూడగలరు. పేపర్‌కు కావాల్సింది కూడా ఆ అంకెలే. ఆర్‌ఏసీలో ఆ టేబుళ్లే చూపించండి, కమిటీలో గణాంకాలు తెలిసిన సభ్యులు ఉంటే అక్కడే తేలిపోతుంది. మిగిలిన వచనం జనవరిలో, పండగ తర్వాత చూస్తారు.

అంకెలు అన్ని చోట్లా కలుస్తున్నాయో లేదో చూడటానికి ఇంకో చిన్న పని. పడావు పెట్టిన ఆ తొమ్మిది కుటుంబాలు అయిదో చాప్టర్ ఖర్చు-ఆదాయం టేబుళ్లలో ఎక్కడ ఉన్నాయి? సున్నా ఆదాయంతో కలిపారా, తీసేశారా? దాన్ని బట్టి సగటు మారుతుంది. సార్ తర్వాత పెన్సిల్ పెట్టేది అక్కడే.

చెరువుగట్టు | 22 నవంబర్ 2025

ఇప్పుడే చూశాను. రెండు టేబుళ్లలో కలిపి ఉన్నాయి, ఒకదాంట్లో లేవు.

సెక్షన్_సీటు | 22 నవంబర్ 2025

ఆర్‌ఏసీ నోటీసు మీ హెడ్ సంతకంతోనే వెళ్లాలి, అంటే మీ గైడే. పరీక్షల్లో పడి మర్చిపోతారు. ఆ మూడు పేజీలతో పాటు నోటీసు డ్రాఫ్ట్ కూడా కొట్టి తీసుకెళ్లండి, ఒకేసారి సంతకం అయిపోతుంది.

ఆదివారం_స్కాలర్ | 23 నవంబర్ 2025

అరసున్న గారూ, రెండు చాప్టర్లు మార్చాను, 'క్ష' బాగానే వచ్చింది. కానీ ఫుట్‌నోట్ల అంకెలన్నీ మాయమయ్యాయి. ఇది మీకూ జరిగిందా?